పెట్టెలో ఖాళీ ఎంత? విదేశీ చదువుకు వెళ్ళేవాళ్ళకి కానుక ఎంచుకునే పద్ధతి

ఎయిర్‌పోర్టులో కౌంటర్ పక్కకి జరిగి, నేల మీద సూట్‌కేసు బార్లా తెరిచి కూర్చున్న కుటుంబాలని మీరు చూసే ఉంటారు. నాలుగేళ్ళ కిందట అలా కూర్చున్నది మేమే. పెట్టె 25.4 కిలోలు తూగింది. టికెట్టు ఒప్పుకునేది 23. వెనక క్యూ కదులుతోంది, మా మేనల్లుడు చేతికి అందింది అందినట్టు బయటికి లాగుతున్నాడు. చివరికి మూడు వస్తువులు బయట మిగిలాయి: అద్దం వేసిన ఫోటో ఫ్రేము, లావుపాటి గట్టి అట్ట పుస్తకం, డిగ్రీ పూర్తయిందని స్నేహితులు చేయించిన షీల్డు. మూడూ కానుకలే. మూడూ మా కారు డిక్కీలో ఇంటికే తిరిగొచ్చాయి. ఫ్రేము ఇచ్చింది నేనే.

ఆ తర్వాత రెండేళ్ళకి వాడి చెల్లెలు బయల్దేరింది. ఈసారి చుట్టాలందరి కానుకల వ్యవహారం నేను నెత్తిన వేసుకున్నాను. అప్పుడు ఏం చేశామో ఆ వరుసలోనే చెబుతాను.

మొదటి అడుగు: టికెట్టు చదవండి, ఖాళీ లెక్క కట్టండి

కానుక గురించి ఆలోచించే ముందు టికెట్టులో లగేజీ దగ్గర ఏం రాసుందో చూడమని పిల్లల్ని అడగండి. `2PC` అని ఉంటే రెండు పెట్టెలు అని అర్థం. ఒక్కోటి ఎంత తూగొచ్చో విమాన సంస్థ నిబంధనల్లో ఉంటుంది, ఎకానమీలో ఎక్కువగా 23 కిలోలు. `30K` అని ఉంటే మొత్తం కలిపి 30 కిలోలు. ఈ రెండింటికీ తేడా ఉంది. మొదటి పద్ధతిలో ఏ పెట్టె లెక్క ఆ పెట్టెదే. ఒకటి 25, ఇంకొకటి 20 తూగితే మొత్తం 45 కదా అని వాదించి లాభం లేదు, బరువైన దానికి డబ్బు కట్టమంటారు, లేదా సర్దుకు రమ్మంటారు. డబ్బు కట్టినా ఒక పెట్టె 32 కిలోలు దాటితే చాలా చోట్ల అసలు తీసుకోరు, ఎత్తే మనుషుల నడుములు కూడా చూడాలి మరి.

ఇంకో చిక్కు ఉంది. దిగాక అక్కడి నుంచి మరో ఊరికి విడిగా కొన్న చిన్న విమానం టికెట్టు ఉంటే, దాని పరిమితి వేరే. పెద్ద విమానం ఒప్పుకున్న బరువుని చిన్నది ఒప్పుకోవాలని లేదు. మొత్తం ప్రయాణంలో తక్కువ పరిమితి ఏదో అదే మీ లెక్క.

మా మేనకోడలికి రెండు పెట్టెలు, 23 చొప్పున 46 కిలోలు. అంత ఖాళీ ఉందనుకుంటే పొరపాటు. ముందు ఖాళీ పెట్టెలని తూచాం. ఒకటి 4.6, రెండోది 4.2. అంటే 8.8 కిలోలు పెట్టెలే తినేశాయి, మిగిలింది 37.2. ఇక తను ఎలాగూ తీసుకెళ్ళే సామాను: బట్టలు, చెప్పులు, బూట్లు 17.5, పక్క బట్టలు 3.2, వంట గిన్నెలు 4.6, పుస్తకాలు, నోట్సు 3, మందులు, సబ్బులు వగైరా 2.7, చిల్లర మల్లర 1.7. మొత్తం 32.7. ఖాళీ నాలుగున్నర కిలోలు. ఇంటి తూకానికీ కౌంటర్ తూకానికీ కాస్త తేడా రావచ్చు కాబట్టి పెట్టెకి అరకిలో చొప్పున వదిలేశాం. చివరికి కానుకలకి మిగిలింది మూడున్నర కిలోలు.

చుట్టాలు అప్పటికే అనుకున్న కానుకల్ని కూడా ఓ కాగితం మీద రాశాం. ఫోటో ఫ్రేము 1.8, పుస్తకాల సెట్టు 2.4, దుప్పటి 2.6, హెయిర్ డ్రయ్యర్ 0.6, పెద్ద పవర్ బ్యాంకు 0.45. కూడితే 7.85 కిలోలు, ఉన్న ఖాళీకి రెట్టింపు పైనే. ఈ కాగితం చూపించాక ఎవరూ నొచ్చుకోలేదు. "ముందే చెప్పుంటే బావుండేది కదే" అంది మా పిన్ని, అంతే.

మీరు దగ్గరి చుట్టం కాకపోతే ఇంత లెక్క అక్కర్లేదు. "నేనిచ్చేది ఎన్ని గ్రాములలోపు ఉండాలి?" అని ఒక్క మాట అడగండి. జవాబు రాకపోతే 200 గ్రాములు అనుకోండి.

రెండో అడుగు: కానుకని మూడు ప్రశ్నలు అడగండి

దిగిన మొదటి మూడు రోజుల్లో ఇది కావాలా? అక్కడ కొనడం కష్టమా, లేక చాలా ఖరీదా? ఇక్కడ పనిచేసేది అక్కడా పనిచేస్తుందా? మొదటి రెండింటిలో కనీసం ఒకదానికి అవునని రావాలి, మూడోదానికి తప్పనిసరిగా రావాలి.

దుప్పటి సంగతి చూడండి. మొదటి రాత్రికి కావాలి, నిజమే. హాస్టల్ గదిలో చాలా చోట్ల ఉత్త పరుపే ఉంటుంది. కానీ మందపాటి దుప్పటి ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, మన పెట్టెలో రెండున్నర కిలోలు మింగుతుంది. పల్చటి పక్క బట్టలతో, ఒంటి మీది కోటుతో మొదటి రెండు రాత్రులూ గడిచిపోతాయి. గాలి తీసేసే ప్లాస్టిక్ సంచిలో పెడితే చిన్నదైపోతుంది కదా అని చాలామంది అంటారు. చిన్నదవుతుంది, తేలికవదు. పైగా ఆ ఖాళీ చోట్లో ఇంకో నాలుగు సామాన్లు కూరతాం, బరువు పరిమితి దాటేది సరిగ్గా అక్కడే. ఆ సంచులు కానుకగా ఇవ్వాలని నాకైతే ఎప్పుడూ అనిపించదు.

మూడో అడుగు: బరువే లేని కానుకలు ముందు

నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే కానుక కళ్ళ పరీక్ష, దాంతో పాటు రెండో కళ్ళజోడు. చాలా దేశాల్లో విద్యార్థులకిచ్చే ఆరోగ్య బీమాలో కళ్ళజోళ్ళు, పళ్ళ వైద్యం ఉండవు, లేదా విడిగా డబ్బు కట్టాలి. పరీక్షల ముందు ఉన్న ఒక్క జోడూ విరిగిందంటే డాక్టరు అపాయింట్‌మెంటు నుంచి మొదలుపెట్టాలి.

ఇది వెళ్ళే వారంలో చేసే పని కాదు. బయల్దేరడానికి ఐదారు వారాల ముందే పరీక్ష చేయించండి. పవర్ మారితే కొత్త జోడుని కనీసం ఓ వారం పెట్టుకు తిరగాలి. తలనొప్పి వచ్చినా, మెట్లు దిగేటప్పుడు నేల ఎత్తుపల్లాలుగా అనిపించినా షాపుకి వెళ్ళి సరిచేయించుకునే వ్యవధి ఉండాలి. మా మేనకోడలికి సరిగ్గా ఇదే జరిగింది. కొత్త జోడు పెట్టుకున్న మూడో రోజున "అత్తా, చదువుతుంటే కుడి కన్ను లాగుతోంది" అంది. మళ్ళీ చూపిస్తే అద్దం మధ్య బిందువు కంటిపాపకి ఎదురుగా లేదని తేలింది. అద్దం మార్చి ఇచ్చారు. అదే విమానం దిగాక తెలిసుంటే ఆ జోడు డబ్బాలోనే ఉండిపోయేది. ఆఖర్న కంటి పవర్ రాసిన చీటీని, కంటిపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో రాయించుకుని మరీ, ఫోటో తీసి దాచుకోమన్నాం. అది ఉంటే తర్వాత కళ్ళజోడు ఆన్‌లైన్‌లో చేయించుకోవడం సులువు.

పళ్ళదీ ఇదే దారి. పిప్పి పన్నుకి రూట్ కెనాల్ చేయాలంటే రెండు మూడు సార్లు వెళ్ళాల్సి రావచ్చు, పైన తొడుగుకి ఇంకో వారం. రెండు నెలల ముందు "పళ్ళ డాక్టరు ఖర్చు నాది" అని ఏ బాబాయో అన్నాడంటే, అది కానుకలా కనిపించదు గానీ ఏ వాచీ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

డబ్బు ఇవ్వడం కూడా బరువు లేని కానుకే. నోట్లు కాకుండా, వెళ్ళే దేశపు కరెన్సీలో వాడుకునే కార్డులోకి వేయించండి. ఆన్‌లైన్ షాపింగ్ గిఫ్టు కార్డు దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక దేశపు సైటులో కొన్న కార్డు అదే కంపెనీ ఇంకో దేశపు సైటులో సాధారణంగా చెల్లదు. పేరు ఒకటే కాబట్టి పనిచేస్తుందనుకుంటాం, డబ్బులు కట్టేచోట తిరస్కరించాక తెలుస్తుంది. ఇవ్వదలిస్తే పిల్లలు వెళ్ళే దేశపు సైటులోనే కొనాలి.

నాలుగో అడుగు: కరెంటు వస్తువుల వెనక ఉన్న అక్షరాలు చదవండి

ఎక్కువ కానుకలు పాడయ్యేది ఇక్కడే. వస్తువు వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఇలా ఉంటుంది:

```
INPUT: 100-240V ~ 50/60Hz
```

ఇలా ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది, ప్లగ్గు మారిస్తే చాలు. ఫోను, లాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ ఈ రకమే. అలా కాకుండా `220-240V` అని మాత్రమే ఉంటే 120 వోల్టులుండే అమెరికాలోనూ, 100 వోల్టులుండే జపాన్‌లోనూ అది సరిగ్గా పనిచేయదు. వేడి చేసే వస్తువుకి వోల్టేజి సగమైతే వేడి పావు వంతుకి పడిపోతుంది. డ్రయ్యర్ తిరుగుతుంది, జుట్టు మాత్రం ఆరదు. 120 వోల్టుల వస్తువుని 230 ఉన్న చోట పెడితే ఇంకా ప్రమాదం, నిమిషాల్లో కాలిపోవచ్చు.

అడాప్టర్ దీనికి పరిష్కారం కాదు. అది ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. వోల్టేజిని మార్చే కన్వర్టర్లు వేరే ఉన్నాయి, డ్రయ్యర్ లాంటివాటికి సరిపడేవి బరువు కూడా. అందుకే మా కాగితంలో హెయిర్ డ్రయ్యర్ మీద గీత పడింది.

అడాప్టర్లు ఇస్తే ఆ దేశానికి సరిపోయేవే రెండు ఇవ్వండి. బ్రిటన్‌కి మూడు చదరపు పిన్నుల జి రకం, అమెరికాకి బల్లపరుపు పిన్నుల ఎ, బి రకాలు, జర్మనీకి గుండ్రటి పిన్నుల సి, ఎఫ్ రకాలు, ఆస్ట్రేలియాకి ఏటవాలు పిన్నుల ఐ రకం. అన్ని దేశాలకీ పనికొస్తుందని అమ్మే దిమ్మలాంటిది చూడ్డానికి బావుంటుంది. గోడ సాకెట్టులో దాని బరువుకి అదే జారి వేలాడుతుంది, తెల్లారి చూస్తే ఫోను చార్జ్ అయి ఉండదు.

పవర్ బ్యాంకు మంచి కానుకే, లెక్క చూసి కొంటే. దాని మీద mAh అంకె పెద్దగా రాసుంటుంది, విమానం వాళ్ళు చూసేది వాట్-అవర్లు. 100 వాట్-అవర్ల లోపు అయితే మామూలుగా అడ్డు చెప్పరు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి, 160 దాటితే తీసుకెళ్ళనివ్వరు. లోపలి బ్యాటరీ వోల్టేజి మామూలుగా 3.7, దాంతో లెక్క ఇలా:

```
20000 mAh ÷ 1000 × 3.7 V = 74 Wh
```

20000 అంకె ఉన్నది కూడా పరిమితిలోనే ఉంది, కానీ అది నాలుగైదు వందల గ్రాములు తూగుతుంది. రోజంతా క్లాసుల్లో తిరిగే పిల్లలకి 10000 చాలు, బరువు సగం. వాట్-అవర్లో mAhనో స్పష్టంగా అచ్చువేసి లేని చవక రకం కొనకండి, అంకెలు చెరిగిపోయినా సెక్యూరిటీలో తీసిపెట్టేస్తారు. ఎంత చిన్నదైనా క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. విమానంలో వాడొచ్చా లేదా అన్నది మాత్రం ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి, ప్రయాణం ముందు చూసుకోవాలి.

వంట గిన్నె ఇవ్వాలనుకునేవాళ్ళకి ఒక చిన్న పరీక్ష. వెళ్ళే ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉండొచ్చు. గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటేనే ఆ పొయ్యి మీద వేడెక్కుతుంది. ఉత్త అల్యూమినియం గిన్నెకి అంటదు.

ఐదో అడుగు: బరువైన ప్రేమని తేలిక చేయండి

వద్దనడం కన్నా మార్చి అడగడం తేలిక. ఫ్రేము సంగతి చూడండి. అందులో బరువంతా అద్దానిది, చెక్కది. ఫోటో కాగితం నాలుగు గ్రాములు కూడా ఉండదు. నాలుగు అంగుళాలు బై ఆరు సైజులో పది ఫోటోలు వేయిస్తే 40 గ్రాములు. ఫ్రేము అక్కడ చేరాక కొనుక్కుంటుంది, లేదా గోడకి అంటించుకుంటుంది. తాతయ్య ఇచ్చిన పాత గ్రూప్ ఫోటో వెనక అందరి పేర్లూ ఆయన చేతే రాయించాం. 1.8 కిలోల ఫ్రేముకి బదులు వెళ్ళింది అదే.

పుస్తకాలది కాగితం బరువు. మామూలు ఎ4 కాగితం ఒకటి 5 గ్రాములు, ఆ సైజులో 300 పేజీల పుస్తకం అంటే 150 కాగితాలు, అట్ట లేకుండానే ముప్పావు కిలో. పుస్తకాల సెట్టు ఇస్తానన్న ఇద్దరూ కలిసి 210 గ్రాముల ఈ-రీడర్ కొన్నారు. అన్ని పాఠ్యపుస్తకాలూ దాని మీద హాయిగా చదవలేం, బొమ్మలూ సమీకరణాలూ ఎక్కువున్నవి చిన్న తెర మీద ఇబ్బందే. కథలు, నవలలు చదివే అలవాటున్న పిల్లలకైతే సరిపోతుంది. ఆ అలవాటు లేకపోతే ఈ కానుక కూడా దండగే, మొహమాటం లేకుండా అడిగేయండి.

దుప్పటి కొన్న మా పిన్ని దాన్ని షాపులో తిరిగిచ్చేసి ఆ డబ్బు కార్డులో వేయించింది. చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా అని త్వరగా ఆరిపోయే పల్చటి మైక్రోఫైబర్ తువ్వాలు తెచ్చింది, 180 గ్రాములు. అదే సైజు నూలు తువ్వాలు అరకిలో పైనే తూగుతుంది, చలి దేశంలో గదిలో ఆరేస్తే రెండో రోజుకి వాసన కొడుతుంది.

ఇంతకీ పెద్ద కానుక ఇచ్చింది మా తమ్ముడు. 4.6 కిలోల పాత పెట్టె పక్కన పెట్టించి, 3 కిలోల కొత్త పెట్టె కొన్నాడు. అంటే 1.6 కిలోల ఖాళీ కానుకగా ఇచ్చినట్టు. పెట్టె కొనేటప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి, చాలా సంస్థల పరిమితి అది. చక్రాలని, హ్యాండిల్‌ని కూడా కలిపే కొలవాలి.

ఆరో అడుగు: చుట్టకుండా, డబ్బాల్లేకుండా, త్వరగా ఇవ్వండి

రంగు కాగితం చుట్టి ఇస్తే సెక్యూరిటీలో చింపేస్తారు, చింపాలి కూడా. అంతకన్నా ముఖ్యం, "ఇందులో ఏముందో నీకు తెలుసా, నువ్వే సర్దుకున్నావా?" అని అడిగితే ఆ పిల్ల ధైర్యంగా అవునని చెప్పగలగాలి. ఎవరో ఇచ్చిన మూసిన పొట్లం పెట్టెలో ఉండకూడదు, అది సొంత మామయ్య ఇచ్చిందైనా సరే. అట్ట డబ్బాలు, థర్మోకోల్ తీసేస్తే ఒక్కోసారి వంద, రెండొందల గ్రాములు తగ్గుతాయి. బిల్లుని ఫోనులో ఫోటో తీసుకుంటే చాలు. కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది, ఖరీదైనది కొనేముందు షాపులో అది అడగండి.

ఏదిచ్చినా మూడు వారాల ముందే చేతికి చేరాలి. వీడ్కోలుకి వచ్చి ఎయిర్‌పోర్టు గేటు దగ్గర చేతిలో పెట్టే కానుక అంత ఇబ్బంది ఇంకొకటి లేదు. పెట్టెలు అప్పటికే తూచి, తాళం వేసి ఉంటాయి.

ఆఖరి అడుగు: ముందు రోజు తూకం

కొక్కెంతో వేలాడదీసి తూచే చేతి తూకం 100 గ్రాములుంటుంది, అది కూడా కానుకగా ఇవ్వొచ్చు. సెలవులకి తిరిగొచ్చేటప్పుడు పెట్టె సర్దేది తనొక్కతే కదా. తూచేటప్పుడు పెట్టె గోడకీ కాలికీ తగలకుండా, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాలి. రెండు సార్లు తూచి, ఎక్కువ వచ్చిన అంకెనే నమ్మండి.

మా మేనకోడలి కానుకలన్నీ వంటింటి త్రాసు మీద పెట్టి తూచాం. డబ్బాతో కళ్ళజోడు 110, పవర్ బ్యాంకు 220, ఈ-రీడర్ 210, అడాప్టర్లు రెండూ 120, తువ్వాలు 180, చేతి తూకం 100, ఫోటోలు 40. మొత్తం 980 గ్రాములు. కళ్ళజోడు, పవర్ బ్యాంకు, ఈ-రీడర్ క్యాబిన్ బ్యాగులోకి వెళ్ళగా పెద్ద పెట్టెలోకి వచ్చింది 440 గ్రాములే. 3.5 ఖాళీకి కొత్త పెట్టె ఇచ్చిన 1.6 కలిపి, ఇది తీసేస్తే ఇంకా 4.66 కిలోలు మిగిలాయి. దాంట్లో ఏం పెట్టుకోవాలో మేమెవరం చెప్పలేదు. ఓ జత బూట్లు, తన పాత దిండు, ఇంకా ఏవేవో పెట్టుకుంది. కౌంటర్ దగ్గర ఒకటి 22.6, ఇంకొకటి 22.3 చూపించింది. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న ఖాళీ సంచీ మడత విప్పకుండానే నా చేతిలో ఉండిపోయింది.